ఆన్‌లైన్‌లో మందులు: గోలీలకు సరే, ఇన్సులిన్‌కు మాత్రం ఆలోచించాలి

మా నాన్నకు షుగరు, బీపీ. అమ్మకు థైరాయిడ్. వాళ్లు హనుమకొండలో ఉంటారు, నేను కూకట్‌పల్లిలో. కొన్నేళ్లుగా వాళ్ల మందులన్నీ దాదాపు నేనే ఫోన్‌లో ఆర్డర్ పెడుతున్నాను. కొన్నిసార్లు నా ఇంటికి తెప్పించి తీసుకెళ్తాను, కొన్నిసార్లు నేరుగా హనుమకొండకే పంపిస్తాను. మూడు యాప్‌లు మార్చి మార్చి వాడాను. ఏ యాప్ మంచిదో పేరు పెట్టి చెప్పను. ఎందుకంటే ఒకే యాప్ కూకట్‌పల్లిలో ఒకలా, హనుమకొండలో ఇంకోలా పనిచేసింది. అసలు తేడా మందు ఎవరు అమ్ముతున్నారు, ఎలా చేరవేస్తున్నారు అన్న దగ్గరే వస్తోంది.

చాలా యాప్‌లు మందులను తాము అమ్మవు. ఆర్డర్ తీసుకుని ఏదో ఒక మెడికల్ షాపుకు అప్పజెప్తాయి. బిల్లు ఆ షాపు పేరు మీదే వస్తుంది. కాబట్టి మొదటి ఆర్డర్ వచ్చినప్పుడు నేను మందుల కంటే ముందు బిల్లే తీస్తాను. దాని మీద షాపు పేరు, పూర్తి చిరునామా, డ్రగ్ లైసెన్స్ నంబర్, ఫార్మసిస్ట్ పేరు లేదా సంతకం, ఒక్కో మందుకు కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ ఉండాలి. ఇవి లేకుండా కేవలం "ఆర్డర్ సమ్మరీ" పంపే సైట్‌కు నేను రెండో ఆర్డర్ ఇవ్వను.

లైసెన్స్ నంబర్ల దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. రిటైల్ షాపులకు లైసెన్స్ ఫారం 20, ఫారం 21 అని రెండు రకాలుగా ఇస్తారు. మామూలు మందులకు 20, ఇన్సులిన్, వ్యాక్సిన్ల వంటి వాటికి 21. బిల్లు మీద ఈ రెండూ కనిపించాలి, ముఖ్యంగా ఇన్సులిన్ కొంటుంటే 21 ఉందా అని చూడాలి. 20బి, 21బి అని మాత్రమే ఉంటే అది హోల్‌సేల్ లైసెన్స్. హోల్‌సేలర్ షాపులకు అమ్మాలి గానీ రోగికి నేరుగా అమ్మకూడదు. ఒకసారి బాగా తక్కువ ధరకు ఇస్తున్న సైట్ నుంచి వచ్చిన బిల్లు మీద నాకు కనిపించింది ఈ "బి"లే. ఆ డిస్కౌంట్ ఎక్కణ్నుంచి వస్తోందో అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి. "ప్రభుత్వ ఈ-ఫార్మసీ లైసెన్స్ పొందిన సంస్థ" అని ముద్ర వేసుకున్న సైట్‌లు కనిపిస్తుంటాయి. మన దేశంలో ఆన్‌లైన్ ఫార్మసీలకంటూ ప్రత్యేక నిబంధనల ముసాయిదా 2018 ఆగస్టు 28న వచ్చింది, కానీ అది తుది రూపం దాల్చలేదు. అంటే ఆ పేరుతో విడిగా లైసెన్సే లేదు. ఉన్నది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద మామూలు మెడికల్ షాపుకు ఇచ్చే లైసెన్సే. లేని లైసెన్స్‌ను గొప్పగా చూపించే సైట్ మీద నాకు అనుమానమే పెరుగుతుంది.

నేను ఒకసారి బిల్లు మీదున్న చిరునామా పట్టుకుని వెళ్లి చూశాను. మా ఇంటికి దగ్గర్లోనే, ఒక సందులో. కౌంటర్ ముందు కస్టమర్లు లేరు. లోపల ర్యాకులు, ప్యాకింగ్ చేసే పిల్లలు, గోడ మీద ఫ్రేమ్ కట్టిన లైసెన్స్, ఒక మూల ఫ్రిజ్. లైసెన్స్ నంబర్ బిల్లుతో సరిపోయింది. అందరూ ఇలా వెళ్లనక్కర్లేదు. తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-599-6969 ఉంది, మందుల మీద ఫిర్యాదులు దానికి చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడగాలి.

ఇక చీటీ సంగతి. నాన్న బీపీ గోలీ టెల్మిసార్టన్‌కు డాక్టర్ చీటీ కావాలి. స్ట్రిప్ మీద Rx అని, కింద చీటీ లేకుండా అమ్మకూడదన్న హెచ్చరిక ఉంటాయి. అదే షెడ్యూల్ హెచ్. ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటే అది హెచ్1. సెఫిక్సిమ్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్, అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు అందులో ఉన్నాయి. హెచ్1 మందు అమ్మితే షాపువాడు డాక్టర్ పేరు, రోగి పేరు విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. అందుకే మంచి షాపు హెచ్1 దగ్గర కొంచెం సతాయిస్తుంది. ఆ సతాయింపే నాకు నమ్మకం ఇచ్చింది. ఒకసారి నాన్న చీటీలో 40 అని ఉంటే నేను 80 కార్ట్‌లో వేశాను, డాక్టర్ ఫోన్‌లో మోతాదు పెంచారు గానీ కొత్త చీటీ రాలేదు. ఫార్మసిస్ట్ ఫోన్ చేసి, "సార్, చీటీ మార్పించుకుని పంపండి, అప్పటిదాకా 40లే పంపుతాను" అన్నాడు. ఆ యాప్‌కు నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఫోన్‌కాల్‌వే.

దీనికి పూర్తి భిన్నంగా, "నా దగ్గర ప్రిస్క్రిప్షన్ ఉంది" అని టిక్ పెడితే చాలు, ఏదైనా పంపేసే సైట్‌లూ ఉన్నాయి. కొన్ని "చీటీ లేదా? మా డాక్టర్ ఫోన్ చేస్తారు" అంటాయి. ఫోన్‌లో డాక్టర్ మాట్లాడి చీటీ రాయడం తప్పు కాదు, 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దానికి వీలిచ్చాయి. కానీ ఆ చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. మత్తుమందుల చట్టమైన ఎన్‌డీపీఎస్ కిందికొచ్చే అల్ప్రాజోలం లాంటి మందులు అలా రాయకూడదు. అమ్మకు నిద్ర పట్టట్లేదని బాబాయి ఎవరో చెప్పిన సైట్ చూపించాడు. అక్కడ ఒక నిమిషం ఫోన్‌కాల్‌తో అల్ప్రాజోలం ఇస్తారట. అక్కడే వద్దన్నాను.

మందు చేతికొచ్చాక నేను చూసేది ఒక్కటే, స్ట్రిప్ మీది బ్యాచ్ నంబర్, బిల్లు మీది బ్యాచ్ నంబర్ ఒకటేనా కాదా. ఎందుకంటే కేంద్ర డ్రగ్స్ నియంత్రణ సంస్థ నాణ్యత లేని మందుల జాబితా నెలనెలా పెడుతుంది, అందులో మందు పేరు ఒక్కటే కాదు, బ్యాచ్ నంబర్ కూడా ఉంటుంది. బిల్లు మీద బ్యాచ్ తప్పుంటే రేపు ఆ జాబితాలో మన మందు ఉందో లేదో తేల్చలేం, తిరిగివ్వడమూ కష్టం. నాకు ఒకసారి థైరాయిడ్ గోలీల బ్యాచ్ తేడా వచ్చింది. ఫోటో పంపితే సరిచేసిన బిల్లు ఇచ్చారు. కత్తిరించిన స్ట్రిప్ పంపితే మాత్రం తీసుకోను. బ్యాచ్, ఎక్స్‌పైరీ అచ్చు ఒక చివరే ఉంటాయి, ఆ చివర ఎవరింటికో వెళ్లిపోయి ఉంటుంది.

"అదే మందు, వేరే కంపెనీ, 30 శాతం తక్కువ" అన్న సలహా ప్రతి యాప్‌లోనూ వస్తుంది. షెడ్యూల్ హెచ్ మందుకు బదులు వేరేది ఇచ్చే అధికారం షాపువాడికి లేదు. నేను డాక్టర్‌ను అడిగి మార్చుకున్నవే కార్ట్‌లో వేస్తాను.

2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే బ్యాచ్, ఎక్స్‌పైరీ వస్తాయి, స్ట్రిప్‌తో పోల్చుకోవచ్చు. అయితే కోడ్‌ను కాపీ చేయడం పెద్ద పని కాదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోను.

ఇప్పటిదాకా చెప్పినవి కాస్త శ్రద్ధ పెడితే దాటేయొచ్చు. ఇన్సులిన్ అలా కాదు. నాన్న గ్లార్జిన్ పెన్ రోజుకు 18 యూనిట్లు వేసుకుంటాడు. సూది పరీక్షకు పోయే 2 కలిపితే రోజుకు 20. ఒక్కో పెన్‌లో 300 యూనిట్లు కాబట్టి అయిదు పెన్నుల డబ్బా 75 రోజులు వస్తుంది. తెరవని పెన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. ఫ్రిజ్ బయట, 30 డిగ్రీలు దాటనిచోట ఉంటే 28 రోజులు. హనుమకొండకు మే నెలలో పంపిన డబ్బా కొరియర్‌లో రెండో రోజు సాయంత్రం వచ్చింది. థర్మాకోల్ డబ్బాలో జెల్ ప్యాక్ పూర్తిగా నీరయిపోయి గోరువెచ్చగా ఉంది. నాన్న వంటింటి థర్మామీటర్ పెట్టి చూస్తే 34 డిగ్రీలు.

ఇక్కడే లెక్క చూడాలి. ఒకవేళ ఉష్ణోగ్రత 30 లోపే ఉండి ఉంటే ఆ క్షణం నుంచి 28 రోజుల గడియారం మొదలవుతుంది. రోజుకు 20 చొప్పున 28 రోజులకు 560 యూనిట్లు, అంటే రెండు పెన్నులు కూడా పూర్తి కావు. మిగతా మూడూ చెత్తబుట్టకే. 34 డిగ్రీల్లో ఎంతసేపు ఉందో తెలియనప్పుడు ఆ రెంటినీ నమ్మలేం. పైగా గ్లార్జిన్ పాడైనా చూడ్డానికి నీళ్లలాగే తేటగా ఉండొచ్చు. కళ్లతో కనిపెట్టేది కాదు. పెన్ను నేరుగా గడ్డకట్టిన జెల్ ప్యాక్‌కు ఆనుకుని వస్తే అదింకో ప్రమాదం, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. మధ్యలో అట్టముక్క వేసి ప్యాక్ చేస్తేనే సరైన ప్యాకింగ్.

నాన్న డెలివరీ అబ్బాయి ఎదుటే డబ్బా తెరిచి వీడియో తీశాడు. "తమ్మీ, ఇది వాపస్ తీస్కపో" అంటే ఆ అబ్బాయి కోల్డ్ ఐటమ్స్ వాపస్ తీసుకోరన్నాడు. యాప్ కస్టమర్ కేర్ కూడా మొదట అదే పాట పాడింది. వాళ్ల సైట్‌లో ఉండాల్సిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కు వీడియో, థర్మామీటర్ ఫోటో, బిల్లు పంపాను. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. డబ్బులు తిరిగొచ్చాయి. రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి వెళ్లేవాణ్ని.

ఆ తర్వాత ఇన్సులిన్‌ను హనుమకొండలో నాన్న ఇంటి దగ్గరి మెడికల్ షాపులోనే కొంటున్నాం. డిస్కౌంట్ లేదు. కానీ ఫ్రిజ్ మన కళ్ల ముందే ఉంటుంది, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది. రెండు పెన్నులకు మించి ఒకసారి తీసుకోం. నేను కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు అదే రోజు, గంటల్లో వచ్చే డెలివరీ అయితే ఆన్‌లైన్‌లోనూ తీసుకుంటాను, అది కూడా చలికాలంలో.

టెల్మిసార్టన్, థైరాయిడ్ గోలీలకు మాత్రం ఆన్‌లైనే నాకు నచ్చింది. ఒక రూపాయి మిగులుతుంది, పాత బిల్లులన్నీ ఒకేచోట ఉంటాయి. వీటిని అయిపోవడానికి పది రోజుల ముందే ఆర్డర్ పెడతాను. డెలివరీ ఆలస్యమైందని బీపీ గోలీ మానేసే పరిస్థితి రాకూడదు కదా. యాంటీబయాటిక్స్ ఆన్‌లైన్‌లో ఎప్పుడూ కొనను, డాక్టర్ రాసిన రోజే మొదలుపెట్టాల్సిన మందుకు రేపటి డెలివరీతో పనిలేదు. అన్ని యాప్‌ల మీదా నాకున్న పెద్ద ఫిర్యాదు ఒక్కటే, డబ్బులు కట్టేముందు అమ్మే షాపు పేరు, లైసెన్స్ నంబర్ తేలిగ్గా కనిపించవు. ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి, కొన్నింట్లో బిల్లు వచ్చేదాకా తెలియదు. అది మొదటి పేజీలో పెట్టిన రోజు ఒక స్టార్ ఎక్కువ ఇస్తాను. ఇప్పటికైతే గోలీలకు నాలుగు, ఇన్సులిన్‌కు ఒకటిన్నర.