టైమౌట్ తర్వాత మళ్లీ పంపడం: కీ లేకుండా, కీతో

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు కోల్డ్ స్టోరేజీ అద్దె రూ.8,400ను యాప్‌లో కడుతున్నారనుకుందాం. యాప్ 10 సెకన్లు చూసి టైమౌట్ చూపుతుంది. సర్వర్ మాత్రం 12వ సెకనులో ఆ సొమ్ము తీసుకుంటుంది. టైమౌట్ అంటే చెల్లింపు విఫలమైందని కాదు, జవాబు ఇంకా అందలేదని మాత్రమే.

మామూలు రీట్రైలో యాప్ అదే రిక్వెస్టును మళ్లీ పంపుతుంది. సర్వర్‌కు అది కొత్త చెల్లింపే కాబట్టి మరో రూ.8,400 పోతుంది. సర్వర్ లాగ్‌లో ఎక్కడా ఎర్రర్ ఉండదు; ఒకే బిల్లు నంబరుపై సెకన్ల తేడాతో రెండు లావాదేవీలు కనిపించడమే ఆనవాలు. కేవలం వివరాలు చదివే రిక్వెస్టులకైతే ఈ పద్ధతి చాలు.

రెండో పద్ధతిలో, వ్యాపారి బటన్ నొక్కగానే యాప్ ఆ చెల్లింపును గుర్తించే ఒక ప్రత్యేక కీని తయారుచేసి, ప్రతి ప్రయత్నంలోనూ దానినే `Idempotency-Key` హెడర్‌లో పంపుతుంది. సర్వర్ సొమ్ము తీసే ముందే ఆ కీని డేటాబేస్‌లో, ఒకే కీని రెండుసార్లు చేరనివ్వని యూనిక్ నిబంధనతో నమోదు చేస్తుంది. అదే కీ మళ్లీ వస్తే, మొదటి పని ముగిసి ఉంటే దాచిన జవాబునే తిరిగి ఇస్తుంది, ఇంకా నడుస్తుంటే ఆ సంగతి తెలిపే 409 ఎర్రర్ కోడ్ పంపుతుంది. కీ ఉందో లేదో ముందు చూసి, తర్వాత రాసే కోడ్ సరిపోదు, ఎందుకంటే ఒకేసారి వచ్చిన రెండు రిక్వెస్టులకూ అది లేనట్టే కనిపించవచ్చు.

చెల్లింపులకు నేను రెండోదానినే ఎంచుకుంటాను. అయితే కీని రీట్రై లూప్ లోపల తయారుచేస్తే ప్రతిసారీ కొత్త కీ పుడుతుంది, అప్పుడు అది మొదటి పద్ధతితో సమానమే.