కరెంటు బడ్జెట్: ఏడాది సగటా, నెలవారీ లెక్కా?

ఏసీ లేని నెలలో 150 యూనిట్లు కాలే ఇల్లు అనుకుందాం. ఎండాకాలం మూడు నెలలు 1.5 కిలోవాట్ల ఏసీ రోజూ 8 గంటలు నడుస్తుంది. లోడును గంటలతో గుణిస్తే నెలకు 360 యూనిట్లు. కానీ కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి 60 శాతం, అంటే 216 వేసుకుందాం. ఆ నెలల్లో మొత్తం 366. మొదటి 200 యూనిట్లకు యూనిట్ ధర ఒక వంతు, ఆపైన వాటికే యూనిట్‌కు రెండు వంతులు అనుకుందాం.

సగటు పద్ధతిలో ఏడాది 2,448 యూనిట్లను 12తో భాగిస్తే నెలకు 204. పై స్లాబులో పడేవి నాలుగే! ఏడాది ఖర్చు 2,496 వంతులు.

నెలవారీగా వేస్తే తొమ్మిది నెలలకు 1,350, ఎండాకాలానికి నెలకు 532 చొప్పున 1,596. మొత్తం 2,946. యూనిట్లు అవే, ఖర్చు 18 శాతం ఎక్కువ. సగటు పై స్లాబును దాచేసింది.

వాడకం ఏడాదంతా ఒకేలా ఉంటే సగటు చాలు. ఏసీ ఉంటే మాత్రం నేను నెలవారీనే నమ్ముతాను. స్లాబు దాటగానే మొత్తం యూనిట్లకూ పై ధర పడే టారిఫ్ అయితే సగటు ఇంకా తప్పుదారి పట్టిస్తుంది: 204 కూడా 200 దాటుతుంది కాబట్టి ఏడాదికి 4,896 వంతులు చూపిస్తుంది, నెలవారీ లెక్కలో అయ్యేది 3,546. ఫిక్స్‌డ్ ఛార్జీలు రెండింటిలోనూ విడిగా కలపాలి.