గ్రూపుకి 144 మందా, 48 మందా: ఉప్పు తగ్గిస్తే బీపీ తగ్గుతుందో తేల్చడానికి ఏది మేలు?

విశాఖలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేసే పిల్లలు థీసిస్ ప్లాన్ పట్టుకొని నా దగ్గరకు వస్తుంటారు. వాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "గ్రూపుకి ముప్ఫై మంది సరిపోతారా సార్?" ముప్ఫై అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే సీనియర్ల థీసిస్‌ల నుంచి అంటారు. ఏ తేడాను పట్టుకోవాలి, కొలతల్లో ఎంత చెదురుబాటు ఉంది అన్నవి తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం. అందుకే ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కగట్టి చూద్దాం.

పెదజాలరిపేట లాంటి పేటలో, ఎండుచేప, ఆవకాయ రోజూ కంచంలో ఉండే ఇళ్లలో, ఉప్పు తగ్గించుకోమని రెండు నెలల పాటు వారం వారం వెళ్లి చెప్పే కార్యక్రమం ఒకటి అనుకోండి. సగం ఇళ్లకు ఈ సలహా అందుతుంది, మిగతా సగం కంట్రోల్ గ్రూపు. ఏ ఇల్లు ఎటు వెళ్తుందో లాటరీ తేలుస్తుంది. చివర్లో రెండు గ్రూపుల పై బీపీని పోలుస్తాం. సలహా వల్ల సగటున 5 పాయింట్లు తగ్గుతుందనీ, ఒక్కసారి చూసిన బీపీకి మనుషుల మధ్య స్టాండర్డ్ డీవియేషన్ 15 పాయింట్లనీ పెట్టుకుందాం. లెక్క కోసం వేసుకున్నవే అయినా, పెద్దవాళ్ల బీపీ విషయంలో ఇవి నమ్మదగ్గ అంకెలే.

పవర్ అంటే, ఆ 5 పాయింట్ల తేడా నిజంగానే ఉన్నప్పుడు మన పరీక్ష దాన్ని పట్టుకొని "తేడా ఉంది" అని చెప్పగలిగే అవకాశం. గ్రూపుకి 30 మందితో ఈ అధ్యయనం చేస్తే పవర్ దాదాపు 25 శాతం. అంటే సలహా నిజంగా పనిచేసినా, ఇలాంటి నాలుగు థీసిస్‌లలో మూడు "ప్రయోజనం కనబడలేదు" అనే రాస్తాయి.

గెలిచిన ఆ ఒక్కదానిలోనూ ఇబ్బంది ఉంది. గ్రూపుకి 30 మంది ఉంటే రెండు సగటుల తేడాకు స్టాండర్డ్ ఎర్రర్ 3.9 పాయింట్లు. పి-విలువ 0.05 కన్నా తగ్గాలంటే కనబడిన తేడా సుమారు 7.7 దాటాలి. అసలు తేడా 5 మాత్రమే. కాబట్టి ఈ సైజులో తేడా ఉందని తేల్చిన థీసిస్ ఏదైనా సలహా ప్రభావాన్ని కనీసం ఒకటిన్నర రెట్లు పెంచి చూపినట్టే. పవర్ తక్కువైతే ఓడినా తప్పుదారే, గెలిచినా తప్పుదారే. అందుకే దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

మరి పవర్‌ని 80 శాతానికి ఎలా తీసుకెళ్లాలి? 80 అనేది జేకబ్ కోహెన్ సూచించగా అందరికీ అలవాటైన గీత, అంతకుమించి దానికి మహత్తు లేదు. అక్కడికి చేరడానికి మూడు దారులున్నాయి. మూడూ ఒకే సూత్రంలో కనబడతాయి:

```
n = 16 × σ² / δ²
```

n ఒక్కో గ్రూపులోని మనుషులు, σ చెదురుబాటు, δ మనం పట్టుకోవాలనుకునే తేడా. 5 శాతం హద్దుకు 1.96, 80 శాతం పవర్‌కు 0.84. రెండూ కలిపి వర్గం చేసి, గ్రూపులు రెండు కాబట్టి రెట్టింపు చేస్తే 15.7 వస్తుంది. చేతిలెక్కకు 16 అనుకుంటే చాలు.

మొదటి దారి: మనుషుల్ని పెంచడం. 16 × 225 / 25 అంటే గ్రూపుకి 144, మొత్తం 288 మంది. దారి సూటిగానే ఉంటుంది, కాకపోతే మెట్లు ఎక్కేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. 30 నుంచి 60కి వెళ్తే పవర్ 25 నుంచి 45 శాతానికి వస్తుంది. 80 చేరాలంటే ఆ 60ని మళ్లీ రెట్టింపు కన్నా ఎక్కువ చేయాలి. స్టాండర్డ్ ఎర్రర్ తగ్గేది n వర్గమూలం లెక్కన కదా.

ఇక్కడ ఇంకో చిక్కుంది. 288 అంకె నింపే తొందరలో ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దర్నీ, అత్తగారినీ చేర్చేస్తారు. వాళ్లు తినేది ఒకే కుండలోని పులుసు. ముగ్గురి బీపీలు కొంత కలిసి కదులుతాయి కాబట్టి ముగ్గురూ కలిసి ఇచ్చే సమాచారం ముగ్గురంత ఉండదు. ఒక ఇంటికి ఒకరినే తీసుకోవాలి, లేదా ఆ కలయికను సైజు లెక్కలోనే చూపాలి. కాగితం మీద 288 అని ఉంటే సరిపోదు.

రెండో దారి: తేడానే పెద్దదిగా ఉండేలా చూడటం. δ 5 నుంచి 8కి పెరిగితే 56 మంది చాలు. దీనికి నిజాయితీ అయిన పద్ధతి ఒకటుంది. బీపీ ఇప్పటికే ఎక్కువగా ఉన్నవాళ్లనే చేర్చుకోవచ్చు, ఎందుకంటే ఉప్పు తగ్గితే వాళ్లకు బీపీ మిగతావాళ్ల కన్నా ఎక్కువగా దిగుతుంది. అప్పుడు ఫలితం కూడా వాళ్లకే చెందుతుంది, పేట మొత్తానికీ అంటగట్టకూడదు. నిజాయితీ లేని పద్ధతే ఎక్కువగా కనబడుతుంది: 144 మంది దొరకరని తేలాక ప్లాన్‌లో 5ని చెరిపి 8 రాసేయడం. అంకె మారింది గానీ ఉప్పు పనిచేసే తీరు మారలేదు. δ దగ్గర వేయాల్సిన ప్రశ్న, "ఎంత తగ్గితే ఆ మనిషికి మేలు?" అన్నదే. మన దగ్గర ఎంతమంది ఉన్నారన్నది కాదు.

పైగా δ మనకు తెలియకుండానే తగ్గుతుంది కూడా. సలహా విన్న ఇళ్లలో అయిదింట ఒకటి పట్టించుకోకపోతే సగటు తేడా 5 నుంచి 4కి పడుతుంది, కావలసినవాళ్లు 144 నుంచి 225కి ఎగబాకుతారు. వర్గం దెబ్బ అలా ఉంటుంది. కూరలో ఉప్పు తగ్గించి ఎండుచేపను అలాగే ఉంచిన ఇల్లు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వారం వారం వెళ్లడం అందుకే ముఖ్యం. ఒక్కసారి కరపత్రం ఇచ్చి వచ్చేస్తే సలహాతో పాటు పవర్ కూడా పోతుంది.

మూడో దారి: చెదురుబాటు తగ్గించడం. నేను ఎక్కువగా మొగ్గేది దీనికే, ఎందుకంటే మన చేతిలో ఉన్నది ఇదే.

ఆ 15 పాయింట్ల చెదురుబాటు ఎక్కడిది? కొంత మనిషికీ మనిషికీ ఉండే నిజమైన తేడా. కొంత అదే మనిషిలో రోజుకో రకంగా ఉండే ఊగిసలాట. మధ్యాహ్నం ఎండలో చేపల గంప దించి వచ్చినావిడని అరుగు మీద కూర్చోబెట్టి వెంటనే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూ తీసిన రీడింగు ఒకటి. అదే మనిషిని అయిదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చోనిచ్చి, చేతిని గుండె ఎత్తులో పెట్టి, మౌనంగా ఉండమని తీసిన రీడింగు ఇంకొకటి. రెంటికీ పది పాయింట్ల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఆ 15ని వర్గం చేస్తే వచ్చే 225లో మనుషుల మధ్య తేడా 144, ఊగిసలాట 81 అనుకుందాం. మూడు వేర్వేరు రోజుల రీడింగుల సగటు తీసుకుంటే 81 కాస్తా 27 అవుతుంది, మొత్తం 171. కావలసినవాళ్లు 144 నుంచి 109కి దిగుతారు. మేలే గానీ, ఇక్కడితో ఆగిపోతే పెద్దగా లాభం లేదు. వందసార్లు కొలిచినా మనుషుల మధ్య ఉన్న 144 తరగదు.

దాన్ని తగ్గించేది మొదటి బీపీ. కార్యక్రమానికి ముందు కూడా మూడు రోజుల సగటు తీసి, చివరి బీపీని పోల్చేటప్పుడు ఆ మొదటి బీపీని లెక్కలో సవరించాలి. ఆన్‌కోవా చేసే పని ఇదే. ముందు బీపీకీ చివరి బీపీకీ సహసంబంధం 0.75 ఉంటే మిగిలే σ² 171 × (1 − 0.75²), అంటే సుమారు 75. సూత్రంలో వేస్తే గ్రూపుకి 48 మంది. అసలు ముప్ఫై మందే దొరికినా పవర్ 25 నుంచి దాదాపు 60 శాతానికి చేరుతుంది. మనుషులు వాళ్లే, ఉప్పు అదే, మారిందల్లా కొలిచిన తీరు. R‌లో మీరే చూడొచ్చు:

```
power.t.test(n = 30, delta = 5, sd = 15)
power.t.test(n = 30, delta = 5, sd = 8.65)
```

8.65 అనేది 75కి వర్గమూలం. ఇక్కడ చాలామంది చివరి బీపీలోంచి మొదటిది తీసివేసి ఆ తేడాల్ని పోల్చేస్తారు. సహసంబంధం 0.5 కన్నా తక్కువైతే ఆ తీసివేత చెదురుబాటును పెంచుతుంది, మొదటి బీపీని అసలు చూడకపోవడమే నయం. సవరణకు ఆ ప్రమాదం లేదు.

ఇంకొందరు, "ముందూ తర్వాతా కొలుస్తున్నాం కదా, కంట్రోల్ గ్రూపు ఎందుకు?" అంటారు. విశాఖలో అది మరీ ప్రమాదం. జనవరిలో మొదలెట్టి ఏప్రిల్‌లో ముగిస్తే, వేడికి రక్తనాళాలు సడలి బీపీ సహజంగానే కొంత దిగుతుంది. పైగా బీపీ ఎక్కువ ఉన్నవాళ్లని ఏరి తీసుకుంటే రెండోసారి కొలిచినప్పుడు సగటు దానంతటదే కిందికి వస్తుంది. ఈ రెండూ ఉప్పు ఖాతాలో పడతాయి. పవర్ బ్రహ్మాండంగా ఉంటుంది, పట్టుకున్నది మాత్రం ఎండాకాలాన్ని.

తిరగడం లెక్క కూడా చూడండి. మొదటి దారిలో 144 ఇళ్లకు ఎనిమిది వారాలు సలహాకే 1152 సార్లు వెళ్లాలి. మూడో దారిలో 48 ఇళ్లకు 384. రెండు గ్రూపులకూ ఆరేసి రీడింగుల కోసం విడిగా వెళ్లే 576 కలిపినా 960. సలహా ఇవ్వడం ఖరీదై కొలవడం చవకైన చోట మూడో దారిదే పైచేయి. ఆసుపత్రి రికార్డుల్లోంచి వేలమంది బీపీ ఊరికే దొరికే చోట, ప్రతి మనిషికీ ఒక్క రీడింగే ఉన్న చోట, మొదటిదే మేలు.

మూడో దారికున్న బలహీనత ఆ 0.75. అది మీ పేటలో 0.6 అయితే 48 కాస్తా 70 అవుతుంది. పదిమందితో చేసిన పైలట్‌లో వచ్చిన సహసంబంధాన్ని నమ్ముకోవద్దు, అంత చిన్న శాంపిల్‌లో అది ఎటైనా ఊగుతుంది. నేనైతే 0.6తోనే లెక్కగట్టి, మధ్యలో మానేసేవాళ్లకు మరో పదిహేను శాతం వదిలి, గ్రూపుకి 83 ఇళ్లు, ఇంటికి ఒకరు, ముందు మూడు రోజులు, చివర మూడు రోజులు అని ప్లాన్‌లో రాయిస్తాను. మొదటి బీపీతో సవరిస్తామన్న మాట కూడా డేటా సేకరణ మొదలవకముందే అందులో ఉండాలి. ఫలితం చూశాక ఏ పద్ధతిలో పి-విలువ బాగుంటే దాన్ని ఎంచుకుంటే, 5 శాతం హద్దు అని చెప్పుకున్నది 5 శాతంగా మిగలదు.