అమీర్‌పేట షాపులో వీల్‌చైర్ ప్రాజెక్టు కొనేముందు గ్లవ్ బ్యాటరీ పీకి చూడండి

ఫైనలియర్ బయోమెడికల్ వాళ్లందరికీ చెప్తున్నా. మెట్ల కింద ప్రాజెక్టుల షాపు, ఎవరి గురించి అంటున్నానో మీకు తెలుసు, పేరు రాయను. చెయ్యి వంచితే నడిచే వీల్‌చైర్ నమూనా 11,500కి తీసుకున్నా. గ్లవ్‌లో యాక్సిలరోమీటర్, 433 మెగాహెర్ట్జ్ ఆర్ఎఫ్, బండిలో ఆర్డుయినో, ఎల్298ఎన్ డ్రైవర్, పైన ఎర్ర బటన్. "సేఫ్టీ కటాఫ్ ఉందా అన్నా?" అని మూడుసార్లు అడిగా. "ఫుల్ సేఫ్టీ అమ్మా" అన్నాడు. నమ్మాను, మహా తెలివైనదాన్ని కదా.

నిన్న రివ్యూలో బండి టేబుల్ మీద ముందుకి పోతుంటే మా గైడ్ మేడమ్ నా గ్లవ్‌కున్న 9 వోల్టుల బ్యాటరీ పీకేశారు. ఆగాలి కదా? ఆగలేదు. కంగారుగా ఎర్ర బటన్ నొక్కి వదిలా, అప్పుడూ ఆగలేదు, నేరుగా వెళ్లి కింద పడింది.

రాత్రి విప్పి చూశా. బండిలోని డీకోడర్ హెచ్‌టీ12డీ, అది చివరగా వచ్చిన సంకేతాన్ని పట్టుకుని కూర్చునే రకం. గ్లవ్ చచ్చిపోయినా దాని లెక్కలో ఇంకా "ముందుకి" అనే ఉంటుంది. సంకేతం వస్తోందో లేదో చెప్పడానికి దానికే వీటీ అని 17వ పిన్ ఉంది, మనవాడు దానికి వైరే వెయ్యలేదు. ఇక బటన్ సంగతి:

```
delay(2000);
if (digitalRead(STOP) == LOW) halt();
```

ఆ రెండు సెకన్లలో నొక్కి వదిలేస్తే నొక్కినట్టే దానికి తెలీదు. రెండు వైర్లూ ఆర్డుయినోకే పోయాయి, మోటార్ల కరెంటుకీ ఈ బటన్‌కీ సంబంధమే లేదు. డబ్బులిచ్చేముందు ఆ వైర్లు ఎటు పోతున్నాయో కూడా చూడలేదు నేను, మూడున్నరేళ్లు చదివి!

పొద్దున్నే షాపుకెళ్లి ఇదంతా చూపించా. టీ తాగుతూ, తల కూడా ఎత్తకుండా, "డెమోకి చాలదామ్మా? ఇందులో నిజంగా ఎవరన్నా కూర్చుంటారా ఏంటి?" అన్నాడు. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. కాళ్లు కదపలేని మనిషి కోసం చేసే బండి గురించి అలా అంటుంటే ఏం చెప్పాలో తోచక బాక్స్ తీసుకుని వచ్చేశా. అది తలచుకుంటేనే ఇంకా మండిపోతోంది.

కొనేవాళ్లు చక్రాలు గాల్లో ఉండేలా కింద పుస్తకాలు పెట్టి, ముందుకి నడిపిస్తూ గ్లవ్ బ్యాటరీ పీకండి. చక్రాలు తిరుగుతూనే ఉంటే తీసుకోవద్దు. ఎర్ర బటన్ బ్యాటరీ నుంచి డ్రైవర్‌కి పోయే ప్లస్ వైర్ మధ్యలో ఉండాలి, నొక్కితే నొక్కినట్టే నిలిచిపోయే రకం అయ్యుండాలి, అప్పుడు కోడ్ ఏమైనా మోటార్లు ఆగుతాయి.

నాది అలా మార్చుకుంటున్నా, వీటీ పిన్‌కి కూడా వైర్ వేశా. డబ్బులు వెనక్కి అడిగితే ఫోనెత్తట్లేదు. ఎల్లుండే ఎక్స్‌టర్నల్.