గోధుమపిండా, మైదానా, చిరోటి రవ్వా? బొబ్బట్టు చిరగకూడదంటే

ఉగాది వెళ్లి ఇన్నాళ్లయినా మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు లిఫ్టులో కనబడితే అదే అడుగుతున్నారు: "మీరు ఏ పిండి వాడారండీ? మావి పెనం మీద వేసేలోపే చిరిగిపోయాయి." మాది అనంతపురం వైపు, మేం ఓళిగలంటాం. అత్తగారిది గుంటూరు, ఆవిడ బొబ్బట్లంటారు. బెంగళూరులో పక్కింటి వాళ్లకు ఒబ్బట్టు. పేరేదైనా గొడవ మాత్రం చిరగడం దగ్గరే.

ముందు పిండి సంగతి. గోధుమపిండిలో ఉండే పొట్టు సాగే గుణాన్ని తుంచేస్తుంది. అందుకే మరీ పల్చగా తట్టబోతే చిరుగుతుంది, చల్లారాక కాస్త బిరుసెక్కుతుంది. నెయ్యి వేసుకుని వేడివేడిగా తినేవాళ్లకు ఫర్వాలేదు. ఒట్టి మైదా బాగానే సాగుతుంది, మర్నాటికీ మెత్తగా ఉంటుంది. నా ఓటు మాత్రం ఒక కప్పు మైదాకు అర కప్పు చిరోటి రవ్వ కలిపిన పిండికి. ఆ సన్న రవ్వ ఇక్కడ ఏ కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు. రవ్వ నీరు పీల్చుకోవడానికి టైమ్ పడుతుంది కాబట్టి చేతికి అంటుకునేంత జారుగా కలిపి, పావు కప్పు నూనె కొంచెం కొంచెంగా పోస్తూ పది నిమిషాలు మర్దించి, పైన ఇంకో రెండు చెంచాల నూనె పోసి మూతపెట్టాలి. రెండు మూడు గంటలు కదిలించకూడదు. పిండిని వదులు చేసేది ఆ నానే సమయమే. పైనున్న నూనె పిండి ఎండి పొక్కు కట్టకుండా చూస్తుంది, తట్టేటప్పుడు వేలు జారనిస్తుంది. అరగంట నానబెట్టి నూనె ఎంత పోసినా ఆ పని జరగదు. తట్టిన పిండి వెనక్కి ముడుచుకుంటోందంటే ఇంకా నానలేదన్నమాట.

ఇంతా చేస్తే, మొన్న నాకు మొదటి నాలుగూ చిరిగాయి! పిండి మూడు గంటలు నానింది, లోపం దానిది కాదు. పూర్ణం జారుగా ఉంది. శనగపప్పు కుక్కర్లో రెండు విజిళ్లు ఎక్కువై ముద్దయిపోయింది, నీళ్లు సరిగా వార్చలేదు, ఆపైన బెల్లం కరిగి తన నీరూ చేర్చింది. "పిండిలో మైదా ఇంకాస్త కలపమంటారా అత్తయ్యా?" అంటే ఆవిడ పిండి ముద్దా పూర్ణం ముద్దా పక్కపక్కన పెట్టి బొటనవేలితో నొక్కి చూపించారు. పిండిలో వేలు ఆగి ఆగి దిగింది, పూర్ణంలో సర్రున దిగింది. "పూర్ణాన్ని మళ్లీ పొయ్యెక్కించు" అన్నారు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో, సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉంటే గిన్నె అంచు వదిలింది. గరిటె లాగితే దారి పడి, అది వెంటనే పూడుకోలేదు. అక్కడ ఆపేశాను. వేడిగా ఉన్నప్పుడు కాస్త మెత్తగా అనిపించినా చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి బాగా చల్లారాకే వేలు పరీక్ష చేయాలి. మిగిలిన పిండితో అవే చేతులతో చేసిన పదకొండింటిలో ఒక్కటీ చిరగలేదు.

అందుకే నా లెక్కలో ఏ పిండి అన్నది రెండో ప్రశ్న. రెండు ముద్దలూ ఒకేలా నొక్కుడుపడాలి, తేడా ఉంటే పిండే ఒక పిసరు మెత్తగా ఉండాలి. చిరిగిన తీరు చూస్తే తప్పెక్కడో తెలిసిపోతుంది. నడిమధ్య తడి తడిగా చిల్లు పడితే పూర్ణం పలచన. అంచుల్లో ఉత్త పిండి, మధ్యలో గడ్డ కట్టిన పూర్ణం ఉంటే అది మరీ గట్టి: ఒక చెంచా వేడి పాలు చిలకరించి మళ్లీ పిసకాలి. అక్కడక్కడా సూది రంధ్రాలు పడితే పప్పు పలుకులు మిగిలాయని. అందుకని పప్పు వేళ్ల మధ్య నలిగేలా ఉడికినా ముద్ద కాకుండా చూసి, నీళ్లు పూర్తిగా వార్చి, వేడి మీదే మెత్తగా రుబ్బి, ఆ తర్వాత కప్పు పప్పుకు ముప్పావు నుంచి కప్పు బెల్లం కలుపుతాను. వార్చిన కట్టు చారుకి.

కందిపప్పు ఒబ్బట్టు కూడా ఇక్కడ బాగా చేస్తారు. అది త్వరగా ముద్దవుతుంది, కాబట్టి ఇంకా జాగ్రత్త. కొబ్బరి ఒబ్బట్టైతే తురుము సన్నగా రుబ్బాలి, లేకపోతే పోగులు పిండిని పొడుస్తాయి.

చపాతీ కర్రతో ఒత్తాలా, చేత్తో తట్టాలా అని కూడా అడుగుతుంటారు. నూనె రాసిన అరటాకు మీద చేత్తోనే తడతాను. పూర్ణం ఎక్కడ గుట్టపడిందో వేళ్లకు తగులుతుంది.