అన్నాడా, వక్కాణించాడా, అసలేమీ వద్దా?

వంటింట్లో అక్కాచెల్లెళ్ళిద్దరు. అమ్మ గాజులు బీరువాలో కనిపించలేదు. నేను మొదటిసారి ఈ సన్నివేశం రాసినప్పుడు ఇలా వచ్చింది:

"గాజులు ఎక్కడ?" వసంత ప్రశ్నించింది.
"ఏ గాజులు?" సుజాత ఎదురుప్రశ్న వేసింది.
"అమ్మవి. బీరువాలో లేవు," వసంత నిలదీసింది.
"బ్యాంకులో పెట్టాను," సుజాత బదులిచ్చింది.
"నాకు చెప్పకుండానా?" వసంత ఆక్రోశించింది.
"చెప్తే ఒప్పుకునేదానివా?" సుజాత వ్యంగ్యంగా పలికింది.

ఆరు మాటలకు ఆరు క్రియలు. ఒక్కటీ రెండోసారి రాకుండా చూసుకున్నానని అప్పట్లో లోలోపల మురిసిపోయాను కూడా. చదివిన మిత్రుడు మాత్రం, "గాజుల సంగతి ఏమైందో గుర్తులేదు గానీ ఆక్రోశించడం బాగా గుర్తుంది" అన్నాడు.

ఎవరు మాట్లాడారో చెప్పడానికి సంభాషణ పక్కన తగిలించే ఈ మాటను ఇంగ్లీషు రాతగాళ్ళు డైలాగ్ ట్యాగ్ అంటారు. దాని మీద అక్కడ పెద్ద చర్చే ఉంది. అమెరికన్ నవలాకారుడు ఎల్మోర్ లెనార్డ్ 2001లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన పది నియమాల్లో మూడోది ఇదే: సంభాషణ మోయడానికి 'సెడ్' తప్ప ఇంకో క్రియ వాడొద్దు. రచయిత్రి మేరీ మెకార్తీ ఒకచోట, నొక్కి చెప్పిందనడానికి, 'అసెవరేటెడ్' అని రాస్తే, చదవడం ఆపి డిక్షనరీ తెచ్చుకోవాల్సి వచ్చిందని కూడా చెప్పుకున్నాడు. మన 'వక్కాణించాడు' దానికి సరిజోడు. అర్థం తెలియక కాదు. ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరూ వక్కాణించగా మనం చూడలేదు. ఆ మాట కనబడగానే గదిలో ఉన్న మనిషి పోయి, బల్ల ముందు కూర్చుని రాస్తున్న మనిషి కనిపిస్తాడు.

ఆక్రోశించిందితో చిక్కు వేరు. "నాకు చెప్పకుండానా?" అన్న మాటలోనే ఆ బాధ ఉంది. చివరనున్న ఆ 'నా' దీర్ఘమే దాన్ని మోస్తోంది. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర పడుతుంది కాబట్టి, పాఠకుడు ఆ మాటను ముందే తన మనసులో ఏదో ఒక గొంతుతో వినేసి ఉంటాడు. తర్వాత మనం వచ్చి "అది ఆక్రోశం" అంటాం. అతను విన్న గొంతు అదే అయితే మన మాట దండగ. వేరే అయితే వెనక్కి వెళ్ళి మళ్ళీ వినాలి.

సరే, లెనార్డ్ మాట విని అన్నిచోట్లా 'అంది' పెడదాం.

"గాజులు ఎక్కడ?" అంది వసంత.
"ఏ గాజులు?" అంది సుజాత.
"అమ్మవి. బీరువాలో లేవు," అంది వసంత.
"బ్యాంకులో పెట్టాను," అంది సుజాత.

నాలుగు చాలు, మిగతావి రాయను. ఇంగ్లీషులో 'సెడ్' కంటికి ఆనదంటారు, కామాలాగా జారిపోతుందంటారు. తెలుగు 'అంది' ఒకటి రెండుసార్లు అలాగే జారిపోతుంది. కానీ వరసగా వస్తే ప్రతి పంక్తీ ఒకే తీరుగా ముగిసి అంత్యప్రాసలా మోగుతుంది. పైకి చదివి చూడండి, నాలుగో పంక్తికి తాళం పడుతుంది. అందుకే అక్కడి నియమాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే పని జరగదు. ఆక్రోశించింది కన్నా అంది మేలే, సందేహం లేదు. అంతమాత్రాన ఆరుసార్లు అంది మేలు కాదు.

మూడో దారి, ఏమీ పెట్టకపోవడం. ఇందులో తెలుగు రాసేవాడికి ఉన్న వెసులుబాటు ఇంగ్లీషు వాడికి లేదు. మనవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడేటప్పుడు వరసా, వయసూ, చనువూ మాటలోనే బయటపడతాయి. చెల్లెలు "అక్కా" అంటుంది. అక్క "ఏమే" అంటుంది. భార్య "ఏవండీ" అంటే, నాన్న "ఒరేయ్" అంటే, పక్కన పేరు రాయక్కర్లేదు. గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' ఒక మనిషి తలుపు తీయమని పిలిచే పిలుపుతోనే మొదలవుతుంది. పిలిచిందెవరో అక్కడ చెప్పలేదు. ఒంటిగంట రాత్రి తలుపు తీయకపోవడమే ముందు మనకు తెలుస్తుంది, మనిషి తర్వాత వస్తాడు.

ఈ వెసులుబాటుకు హద్దు ఉంది. ఇద్దరు స్నేహితులు ఇద్దరూ 'రా' అనుకుంటుంటే మాటను బట్టి మనిషిని పోల్చుకోలేం. మూడో మనిషి గదిలోకి వస్తే సరేసరి. ఇద్దరే ఉన్నా, పొట్టి మాటలు ఏడెనిమిది వరసగా పడితే పాఠకుడు పైకి వెళ్ళి "ఇది వాడిది, ఇది వీడిది" అని వేలు పెట్టి లెక్కపెట్టుకుంటాడు. అలా లెక్కపెట్టించడం వక్కాణించాడు కన్నా పెద్ద తప్పు. అక్కడ మొహమాటం లేకుండా ఒక 'అన్నాడు రవి' పడేయాలి.

ఇక నాలుగోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మన భాషలో 'అని' అనే చిన్నమాట ఉంది. అది 'అను' అన్న క్రియ నుంచే పుట్టింది. కాబట్టి "రేపు చూద్దాం అని నవ్వాడు" అంటే అనడం, నవ్వడం రెండూ అందులోనే ఉన్నాయి. "మాటను నవ్వలేం, నిట్టూర్చలేం, అవి మాట్లాడే క్రియలు కావు" అని ఇంగ్లీషులో రాతపాఠాలు చెప్పేవాళ్ళు తరచూ తప్పుపడతారు. మనకు ఆ తప్పు లేదు, 'అని' ఉన్నంతవరకు. ఈమధ్య కథల్లో "రేపు చూద్దాం," నవ్వాడు అతను, అని కామా పెట్టి 'అని'ని ఎగరగొట్టేస్తున్నారు. అప్పుడు మాత్రం ఆ తప్పు మనకూ అంటుకుంటుంది. చవగ్గా దొరికే అతుకును తీసేసి కామాతో అతికించడం ఎందుకో నాకు అర్థం కాదు.

'అంటూ' కూడా ఇలాంటిదే. "వస్తానంటూ లేచాడు" చక్కటి వాక్యం. కాకపోతే 'అంటూ' అంటే రెండు పనులూ ఒకేసారి జరగాలి. నాలుగు వాక్యాల ప్రసంగం రాసి, చివర "అంటూ తలుపు వేసి, మెట్లు దిగి, ఆటో ఎక్కాడు" అంటే ఆ మనిషి ఆటో దాకా మాట్లాడుతూనే వెళ్ళాడన్నమాట. ఇది చాలామంది రాతల్లో కనిపిస్తుంది. నా పాత కథల్లో వెతికితే మూడు దొరికాయి.

ఇంత చెప్పాక, అన్నాడు తప్ప మరేదీ వద్దనడం మూర్ఖత్వం. 'అడిగాడు'కు ఎవరూ అభ్యంతరం చెప్పరు. అది అన్నాడుకు సొంత తమ్ముడు. 'చెప్పాడు' విషయం కొంచెం చూసుకోవాలి. విషయం చేరవేస్తే చెప్పడం, మాట అంటే అనడం. "నీ మొహం!" అని చెప్పాడు అంటే చెవికి ఎక్కడో కొడుతుంది.

వీటిని దాటితే గొణిగాడు, సణిగింది, నసిగాడు, కసిరింది, గద్దించాడు, దబాయించాడు. ఇవి పుస్తకాల్లోంచి కాక మన ఇళ్ళలోంచి వచ్చినవి కాబట్టి అర్థం కోసం ఆగం. నేను వీటిని రెండు గుంపులుగా చూస్తాను. గొణిగాడు, అరిచాడు లాంటివి ఆ గదిలో ఉన్న ఎవరి చెవికైనా అందేవి. పైగా అక్షరాల్లో కనిపించని సంగతి చెబుతాయి. "నేను తీయలేదు" అన్న మాట గట్టిగా ఉందో, నోట్లోనే ఉందో అక్షరాలను బట్టి తెలియదు. "నేను తీయలేదు అని గొణిగాడు" అన్నారనుకోండి, అవతలి గదిలో తండ్రికి వినపడలేదన్నది తర్వాత కథకు అవసరమైతే ఆ గొణుగుడు ఉండాల్సిందే.

బుకాయించాడు అలాంటిది కాదు. "నేను తీయలేదు అని బుకాయించాడు" అనగానే దొంగ ఎవరో తేలిపోయింది. మాట వినిపించాల్సిన చోట తీర్పు చెప్పేశాం. పాఠకుడికి ముందే తెలిసిన దొంగ అయితే పర్లేదు. తెలియకూడని దొంగ అయితే ఒక్క క్రియతో కథ పోయింది. దబాయించాడు, ఈసడించింది, ఎత్తిపొడిచింది కూడా ఇంచుమించు ఇంతే. పాత్ర ఎలా మాట్లాడిందో చెప్పడం కన్నా మనం ఎవరి పక్షమో ఎక్కువ చెబుతాయి. ఆ మాటకొస్తే అన్నాడు, అన్నారు మధ్య కూడా పక్షం ఉంది. మొదటి పేజీలో మామగారు 'అన్నారు' అయి, గొడవ ముదిరాక 'అన్నాడు' అయిపోతే కోడలి మనసు మారినట్టు. కావాలని చేస్తే గొప్ప పనే, చూసుకోకపోతే ప్రూఫు తప్పు.

గాజుల సన్నివేశం చివరికి ఇలా నిలిచింది:

"అక్కా, అమ్మ గాజులు ఎక్కడున్నాయి?" అంది వసంత.
"ఏ గాజులే?"
"అమ్మవంటున్నాగా. బీరువాలో లేవు."
సుజాత పొయ్యి మంట తగ్గించింది. "బ్యాంకులో పెట్టాను."
"నాకు చెప్పకుండానా?"
"చెప్తే ఒప్పుకునేదానివా?"

ఒకే ఒక్క అంది, అదీ మొదట్లో, ఎవరు మొదలుపెట్టారో తెలియడానికి. రెండో పంక్తిలో 'ఏ గాజులే' అన్న 'లే' వల్ల అక్క తెలిసిపోయింది. పొయ్యి మంట తగ్గించడం 'సుజాత బదులిచ్చింది' చేసిన పనే చేసింది. పైగా జవాబుకు ముందు ఆమె ఒక క్షణం ఆగిందని కూడా చెప్పింది. ఈ పద్ధతికీ ఒక జబ్బు ఉంది. ప్రతి మాటకూ ఒక పొయ్యి, ఒక పైట, ఒక కిటికీ పెడుతూ పోతే పాత్రలు మాట్లాడుతున్నట్టు ఉండదు, పని మనుషుల్లా ఇల్లు సర్దుతున్నట్టు ఉంటుంది. ఆరు పంక్తులకు ఒక్క మంట చాలనిపించింది.

చివరి పంక్తి దగ్గర మాత్రం ఇంకా తేల్చుకోలేదు. "చెప్తే ఒప్పుకునేదానివా?" అని సుజాత కసిరిందా, లేక చెల్లెలి మొహం చూడలేక పొయ్యివైపు తిరిగి మెల్లగా అందా? ప్రస్తుతానికి ఏమీ రాయకుండా వదిలేశాను. ఇప్పటిదాకా చదివినవాళ్ళలో ఇద్దరు ఆమెను తిట్టుకున్నారు, ఒకరు జాలిపడ్డారు.