రెండు లక్షలకి సంతకం పెడితే చేతికొచ్చింది లక్షా తొంభై రెండు వేల తొమ్మిది వందల ఇరవై

ఫోన్ యాప్‌లో ఒక పర్సనల్ లోన్ తీసుకుని పన్నెండు వాయిదాలు కట్టేశాను. కిందటేడు మే నెలలో డబ్బు పడిన కొత్తలో, ఒడిశాలోని రాయగడలో మా జిరాక్స్ షాపుకి వచ్చిన తెలిసినవాళ్ళందరికీ నేనే చెప్పాను, "రెండు రోజుల్లో ఇచ్చేశారు, హామీ అడగలేదు, బ్యాంకు మెట్లెక్కే పనే లేదు" అని. నా మాట విని ఇద్దరు తీసుకున్నారు కూడా. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు. కానీ అప్పుడు నేను చెప్పని ముక్క ఒకటుంది. అప్పటికి నాకే సరిగ్గా తెలియదు.

కంపెనీ పేరు రాయను. ఫోన్లోనే అప్లై చేసే పర్సనల్ లోన్. రెండు లక్షలు, 24 నెలలు, 14 శాతం వడ్డీ, నెలకి 9,603 రూపాయల ఈఎమ్ఐ. వాయిదా ఐదో తారీఖున ఖాతాలోంచి దానంతటదే పోతుంది. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా తేడా రాలేదు. యాప్ గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. నా గొడవంతా లోన్ ఇచ్చేటప్పుడే పట్టుకునే ప్రాసెసింగ్ ఫీజుతోనే.

ప్లస్ టూ, ప్లస్ త్రీ అంటే ఇక్కడి ఇంటర్, డిగ్రీ. ఆ అడ్మిషన్ల సీజన్లో మా షాపు ముందు లైను రోడ్డు దాకా ఉంటుంది. పాత మెషిన్ రోజుకి రెండుసార్లు పేపర్ నమిలేస్తోంది. విజయనగరంలో ఒక డీలరు దగ్గర సెకండ్ హ్యాండ్ పెద్ద మెషిన్ చూశాను. బేరమాడితే సరిగ్గా రెండు లక్షలకి దిగాడు. "మొత్తం పడితేనే బండి ఎక్కిస్తాను బాబూ, అరువు మాట ఎత్తకు" అన్నాడు. అందుకే రెండు లక్షలకి అప్లై చేశాను. మూడో రోజు పొద్దున్న మెసేజ్ వచ్చింది. ఖాతాలో జమ 1,92,920.

మొదట ఇంకో ముక్క వెనకాల వస్తుందనుకున్నాను. మధ్యాహ్నం దాకా చూసి ఫోన్ చేస్తే, మూడు శాతం ఫీజు 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080, మొత్తం 7,080 పట్టుకుని మిగతాది వేశామన్నారు. అంటే మూడు శాతం అన్నది అసలు మూడు శాతం కాదు, జీఎస్టీతో కలిపి 3.54. పార్వతీపురంలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేసి ఆ ఏడు వేలు అడగాల్సి వచ్చింది. రెండు లక్షలు అప్పు తెచ్చినవాడు ఏడు వేలకి చెయ్యి చాచడం ఏమిటని వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

చేతికి నిండా రెండు లక్షలు కావాలంటే ఎంతకి అప్లై చెయ్యాలో అప్పుడు లెక్క వేశాను. 7,080 కలిపి 2,07,080 అడిగితే సరిపోతుందనుకుంటాం. సరిపోదు, ఎందుకంటే పెరిగిన అప్పు మీద ఫీజూ పెరుగుతుంది. ఇంకా రెండు వందల యాభై తక్కువ పడుతుంది. ఫీజు 3.54 పోతే నూటికి చేతికొచ్చేది 96.46, కాబట్టి రెండు లక్షల్ని 0.9646తో భాగించాలి. 2,07,340 దాకా అడగాలన్నమాట.

డబ్బు సర్దుబాటై మెషిన్ వచ్చాక ఆ సంగతి మర్చిపోయేవాణ్ణేమో. మా అమ్మ మర్చిపోనివ్వలేదు. మా అమ్మకి శాతాలు పట్టవు, అంతా నూటికి నెలకి ఎన్ని రూపాయలన్న లెక్కే. "నూటికెంతరా?" అంది. 14ని పన్నెండుతో భాగించి "రూపాయి పదిహేడు పైసలు" అన్నాను గర్వంగా. "మరి ముందే కోసుకున్నదో?" అంది. వాళ్ళ ఊళ్ళో వడ్డీకిచ్చేవాళ్ళు మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుని ఇచ్చేవారట. కోసుకున్నాక చేతికొచ్చిందే అసలు అప్పు, దాని మీద వడ్డీ చూసుకోవాలి, అదీ ఆవిడ లెక్క. చదువుకోని మనిషి ఒక్క ముక్కలో చెప్పేసింది.

షాపు కంప్యూటర్లో ఎక్సెల్ తెరిచాను. చేతికొచ్చింది 1,92,920. కట్టేది 24 నెలలు, నెలకి 9,603. వడ్డీ ఎంత పడుతున్నట్టు?

```
=RATE(24,-9603,192920)*12
```

గడిలో శాతం గుర్తు పెట్టి, చుక్క తర్వాత ఒక అంకె కనిపించేలా చేసుకుంటే 17.7 వచ్చింది. మా అమ్మ భాషలో నూటికి రూపాయి నలభై ఏడు పైసలు. రూపాయిన్నర వడ్డీకి మూడు పైసలు తక్కువ.

ఇక్కడ నాకు చాలాసేపు అర్థం కానిదొకటుంది. ఫీజు జీఎస్టీతో కలిపినా మూడున్నర శాతం. రెండేళ్ళకి పంచితే ఏడాదికి పావు తక్కువ రెండు కదా, వడ్డీ 14 నుంచి పదహారు దగ్గర ఆగాలి, పద్దెనిమిది దగ్గరికి ఎందుకు పోయింది? కారణమేమిటంటే, ఫీజు వేసింది పూర్తి రెండు లక్షల మీద. కానీ ఆ రెండు లక్షలు రెండేళ్ళపాటు మన దగ్గర ఉండవు. మొదటి ఈఎమ్ఐ నుంచే అసలు తరుగుతూ ఉంటుంది. ఇరవై నాలుగు నెలలకీ సగటు తీస్తే నా దగ్గర ఉండేది లక్షా తొమ్మిది వేల అప్పే. వాడుకునేది దాదాపు సగం, ఫీజు మాత్రం మొత్తానికి. పైగా అది మొదటి రోజునే పోయింది. అందుకే గడువు ఎంత తక్కువైతే ఈ ఫీజు అంత గట్టిగా కుడుతుంది. అయిదేళ్ళ లోన్ మీద ఇదే మూడు శాతం అంతగా కనిపించదు.

ఇంకా మంట పుట్టించింది వేరే ఉంది. లోన్‌కి అప్లై చేసిన వారమే ఇక్కడి ఒక ప్రభుత్వ బ్యాంకులో అడిగితే పదిహేనున్నర శాతం అన్నారు, ఫీజు జీఎస్టీతో కలిపి 590. పదిహేనున్నర కన్నా పద్నాలుగు తక్కువ కదా అని లేచి వచ్చేశాను. ఇప్పుడు చూస్తే అక్కడ ఈఎమ్ఐ 9,745 అయ్యేది, నెలకి 142 ఎక్కువ. కానీ ఫీజూ వడ్డీ అన్నీ కలిపితే అక్కడ 34,470, ఇక్కడ 37,552. తక్కువ వడ్డీ అనుకున్న చోటే మూడు వేలు ఎక్కువ పోసుకుంటున్నాను. ఫీజుతో కలిపి చూస్తే వాళ్ళది 15.8, వీళ్ళది 17.7. అయితే బ్యాంకువాళ్ళు రెండేళ్ళ ఐటీ రిటర్నులు అడిగారు, పది పదిహేను రోజులు పడుతుందన్నారు. నా దగ్గర ఒక్క ఏడాదివే ఉన్నాయి. కాబట్టి అది ఇచ్చేవారో లేదో చెప్పలేను.

కంపెనీ మోసం చేసిందని మాత్రం అనలేను. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ రిజర్వ్ బ్యాంకు ఒక కాగితం తప్పనిసరి చేసింది. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. ఫీజులన్నీ కలిపితే ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఏపీఆర్ అన్న వరుసలో ఉండాలి. మనకి అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా రూలు. నాకు ఇంగ్లిష్‌లో వచ్చింది. అప్లై చేసినప్పుడు భాష దగ్గర ఇంగ్లిష్ నొక్కింది నేనే, ఒడియా చదవడం రాదు, తెలుగు ఉందేమో కిందికి జరిపి చూడలేదు. మొన్న తీసి చూస్తే 17.7 అని శుభ్రంగా ఉంది, మూడు శాతం ఫీజు కూడా ఉంది. ఆ కాగితం ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆ షరతులు మారకూడదు, అంటే నిమ్మళంగా చదువుకోవచ్చు. నేను మూడు నిమిషాల్లో ఓటీపీ కొట్టేశాను. పైన 14 అని లావు అక్షరాల్లో ఉంటే కళ్ళు కిందికి పోతాయా?

ఇక అసలు ఆశ్చర్యం పోయిన నెలలో. పన్నెండో వాయిదా కట్టగానే ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీ రికార్డు బాగుంది, మూడు లక్షల టాప్-అప్ రెడీగా ఉంది, అదే 14 శాతం, అదే మూడు శాతం ఫీజు." లామినేషన్ మెషిన్ ఒకటి కొనాలని నాకూ ఉంది. సరే అనబోయి, ఈసారి చేతికెంతొస్తుందని అడిగాను. టాప్-అప్ అంటే పాత దానికి కలిపేది కాదు, పాతది మూసేసి కొత్తది తెరవడం. నా పాత బాకీ ఇంకా 1,06,948 ఉంది. మూడు లక్షల్లో అది పోతే కొత్తగా వచ్చేది 1,93,052. ఫీజు మాత్రం మొత్తం మూడు లక్షల మీద, జీఎస్టీతో కలిపి 10,620. చేతికి వచ్చేది 1,82,432.

అంటే కిందటేడు ఫీజు కట్టిన అప్పుకే మళ్ళీ ఫీజు. కొత్తగా వచ్చే డబ్బుతో చూస్తే మూడు శాతం కాస్తా అయిదున్నర. అదీగాక, పాత లోన్ రెండేళ్ళు ఉంటుందని పంచుకున్న ఫీజు ఏడాదికే అయిపోతుంది. పన్నెండు నెలల్లో మూసేస్తే ఆ పాత లోన్ నాకు 18.9 శాతం పడినట్టు. అదే ఆరు నెలలకే మూసి ఉంటే 22.3 అయ్యేది, నూటికి రూపాయి ఎనభై ఆరు పైసలు. గడువుకి ముందే కడితే వేసే ఛార్జీ వేరు, దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

"అమ్మా, ఫీజు కొత్తగా ఇచ్చే డబ్బు మీదే వెయ్యగలరా?" అని అడిగాను. పైవాళ్ళని అడిగి చెప్తానంది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, ఫీజు రెండు శాతానికి తగ్గిస్తామంది, కానీ మూడు లక్షల మీదే. 6,000, జీఎస్టీతో 7,080. మళ్ళీ అదే అంకె. వద్దన్నాను. అడిగితే ఫీజు తగ్గుతుందన్న సంగతి మాత్రం అప్పుడే తెలిసింది. మొదటిసారి అడిగి ఉండాల్సింది.

అయిదుకి మూడు ఇస్తాను. సీజన్లో మెషిన్ లేకపోతే నాకు పోయేది ఏడు వేలకన్నా ఎక్కువే, అందుకని తీసుకున్నందుకు పెద్ద బాధ లేదు. తొందర లేని మనిషికి, రెండేళ్ళ రిటర్నులు చేతిలో ఉన్నవాడికి నేనైతే దీన్ని చెప్పను. నా మాట విని తీసుకున్న ఇద్దరిలో ఒకాయన ఎనిమిదో నెలలోనే పొలం డబ్బు రాగానే మూసేశాడు. ఆయనకి ఎంత పడిందో నేను లెక్క కట్టి చెప్పలేదు, ఆయనా అడగలేదు.